సదిశా ప్రమేయపు అవధి: అంశాలవారీగా ఎందుకు తీసుకోవచ్చు, ఎక్కడ జాగ్రత్తపడాలి

యూనిట్ వృత్తం మీద (1, 0) బిందువు దగ్గర మొదలుపెట్టి, గడియారం ముల్లుకు ఎదురు దిశలో t రేడియన్ల మేర ఒక చాపం గీద్దాం. దాన్ని అంతటా ఒకే మందమున్న సన్నటి తీగ అనుకుంటే, ఆ తీగకు ఒక కేంద్రాభాసం ఉంటుంది. చాపం పెరిగేకొద్దీ ఈ కేంద్రాభాసం కూడా కదులుతుంది, కదులుతూ తనదైన ఒక వక్రాన్ని గీస్తుంది. చాపం మీది బిందువులన్నీ (cos s, sin s) రూపంలో ఉంటాయి కాబట్టి, s విలువ 0 నుంచి t వరకు మారుతున్నప్పుడు వాటి సగటు తీస్తే కేంద్రాభాసం దొరుకుతుంది. సమాకలనం చేసి t తో భాగిస్తే చాలు:

r(t) = ( (sin t)/t , (1 − cos t)/t )

గణితంలో ఈ వక్రానికి కాక్లియాయిడ్ అని పేరు. t = π/2 అయితే, అంటే పావు వృత్తానికి, కేంద్రాభాసం (2/π, 2/π) దగ్గర, సుమారుగా (0.637, 0.637) దగ్గర ఉంటుంది. అర్ధవృత్తానికి (0, 2/π). పూర్తి వృత్తం చుట్టేసరికి అది మూలబిందువు దగ్గరికే వచ్చేస్తుంది. అక్కడితో ఆగకుండా తీగను రెండో చుట్టు, మూడో చుట్టు తిప్పుతూ పోతే కేంద్రాభాసం చిన్న చిన్న ఉచ్చులు వేస్తూ తిరుగుతుంది. t రుణాత్మకమైతే చాపం కిందివైపుకు సాగుతుంది, వక్రం x-అక్షానికి అటువైపు ప్రతిబింబంలా వస్తుంది.

మరి t = 0 దగ్గర? అక్కడ చాపమే లేదు. రెండు అంశాలూ 0/0 రూపంలో ఉన్నాయి. ప్రమేయం ఆ ఒక్క విలువ దగ్గర నిర్వచితం కాదు. అంటే వక్రంలో సూది మొనంత కూడా లేని ఒక రంధ్రం ఉంది. ఆ రంధ్రం ఏ బిందువు దగ్గర ఉందో చెప్పడమే అవధి పని.

తరగతి గదిలో దీనికి జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది: ప్రతి అంశానికీ విడిగా అవధి తీసుకో, వచ్చిన సంఖ్యలను అదే వరుసలో పెట్టు. జవాబు సరైనదే. కానీ అలా ఎందుకు చేయవచ్చో తెలియకపోతే ఎక్కడ చేయకూడదో కూడా తెలియదు. ఈ ఒక్క వక్రమే రెండు సంగతులనూ చూపించగలదు.

ముందు అవధికి నిర్వచనం. r(t) అనే సదిశా ప్రమేయానికి t → a అయినప్పుడు అవధి L అనడానికి అర్థం ఇది: ఎంత చిన్న ధన సంఖ్య ε ఇచ్చినా, దానికి తగిన δ ఒకటి దొరకాలి, 0 < |t − a| < δ అయిన ప్రతి t కూ |r(t) − L| < ε కావాలి. అదిశా ప్రమేయానికి చెప్పే నిర్వచనమే ఇది. తేడా ఒక్కటే, ఇక్కడి నిలువు గీతలు సంఖ్య పరమ విలువను కాదు, సదిశ పరిమాణాన్ని, అంటే రెండు బిందువుల మధ్య దూరాన్ని సూచిస్తాయి. బొమ్మగా చూస్తే, L కేంద్రంగా ε వ్యాసార్థంతో ఒక వృత్తం గీస్తే, a కు బాగా దగ్గరి t విలువలన్నిటికీ వక్రం ఆ వృత్తం లోపలే ఉండాలి. a దగ్గర r విలువ ఏమిటో, అసలు ఉందో లేదో నిర్వచనం అడగదు. మన రంధ్రానికి అది సరిగ్గా సరిపోతుంది.

ఈ నిర్వచనంలో అంశాల ప్రస్తావన ఎక్కడా లేదు. ఉన్నది దూరం ఒక్కటే. దూరం గురించిన మాటను అంశాల గురించిన మాటగా మార్చేది ఒక చిన్న అసమీకరణం. r(t) − L సదిశకు అంశాలు p, q అనుకుంటే,

|p| ≤ √(p² + q²) ≤ |p| + |q|
|q| ≤ √(p² + q²) ≤ |p| + |q|

లంబకోణ త్రిభుజంలో కర్ణం ఏ భుజం కన్నా చిన్నది కాదు, రెండు భుజాల మొత్తం కన్నా పెద్దదీ కాదు. అంతే సంగతి. ఎడమ సగం చెప్పేదేమిటంటే, దూరం ε లోపు ఉంటే ప్రతి అంశంలోని తేడా కూడా ε లోపే ఉంటుంది. కాబట్టి సదిశకు అవధి ఉంటే అంశాలకూ ఉంటుంది, దానికి వేరే లెక్క అక్కర్లేదు. కుడి సగం వెనక్కి తీసుకొస్తుంది: ప్రతి అంశంలోనూ తేడా ε/2 లోపు ఉంచగలిగితే దూరం ε లోపు ఉంటుంది.

కుడి సగాన్ని వాడేటప్పుడు ఒక మెలిక వస్తుంది, దాన్ని జాగ్రత్తగా చూడాలి. x-అంశాన్ని ε/2 లోపు ఉంచడానికి ఒక δ₁ దొరుకుతుంది. y-అంశానికి వేరే δ₂ దొరుకుతుంది. రెండూ ఒకటే కావాల్సిన పని లేదు, సాధారణంగా కావు కూడా. కానీ సదిశకు ఒకే t, ఒకే δ. అందుకే రెంటిలో చిన్నదాన్ని తీసుకుంటాం: δ = min(δ₁, δ₂). అది రెండు షరతులనూ ఒకేసారి తీరుస్తుంది. మూడు అంశాలైనా, ముప్ఫై అంశాలైనా ఇదే పద్ధతి నడుస్తుంది. పరిమిత సంఖ్యలో ధన సంఖ్యలుంటే వాటిలో చిన్నది కూడా ధనమే కదా.

అంశాలు అనంతంగా ఉంటే మాత్రం ఈ మెట్టు విరిగిపోతుంది. n = 1, 2, 3, … కు n-వ అంశం nt/(1 + n²t²) అనుకుందాం. n ఏదైనా సరే, దాన్ని కదపకుండా పట్టుకుని t → 0 తీసుకుంటే ఆ అంశం 0 కు పోతుంది. కానీ t = 1/n దగ్గర n-వ అంశం విలువ సరిగ్గా 1/2. t ను సున్నాకు ఎంత దగ్గరికి తెచ్చినా, ఎక్కడో ఒక అంశం ఇంకా సగం ఎత్తులో నిలబడే ఉంటుంది. ప్రతి అంశానికీ తన δ ఉంది, అందరికీ పనికొచ్చే δ లేదు. సమతలంలోనూ, త్రిమితీయ అంతరాళంలోనూ గీసే వక్రాలకు ఈ ప్రమాదం లేకపోవడానికి కారణం అంశాలు రెండో మూడో మాత్రమే ఉండటం.

ఇక మన వక్రానికి వద్దాం. x-అంశం (sin t)/t అవధి 1 అని అందరికీ తెలుసు. y-అంశంలో 1 − cos t = 2 sin²(t/2) అని మారిస్తే,

(1 − cos t)/t = sin(t/2) · [ sin(t/2) / (t/2) ]

మొదటి కారణాంకం 0 కు, రెండోది 1 కి పోతాయి. లబ్ధం అవధి 0. కాబట్టి

lim r(t) = (1, 0),  t → 0

చాపం కుంచించుకుపోతుంటే దాని కేంద్రాభాసం చాపం మొదలైన చోటికే చేరుతుంది. ఊహించదగ్గ ఫలితమే. ఇక్కడ లోపిటాల్ నియమం వాడి రెండు అవధులనూ ఒక్క గీతలో తేల్చేసేవారు చాలామంది. జవాబు సరిగ్గానే వస్తుంది గానీ, sin t అవకలజం cos t అని రుజువు చేయడానికే (sin t)/t అవధి కావాలి. దాన్నే మళ్లీ ఈ అవధికి రుజువుగా చూపిస్తే తర్కం తన చుట్టూ తానే తిరిగినట్టు అవుతుంది. జవాబు సరిచూసుకోవడానికి నియమం పనికొస్తుంది, పునాదిగా పనికిరాదు.

అవధి దొరికింది. ఇప్పుడు δ ఎంతో నిజంగా లెక్కగట్టి చూడాలి, ఎందుకంటే అంశాల మధ్య తేడా బయటపడేది అక్కడే. |sin(t/2)| ≤ |t/2| కాబట్టి 1 − cos t ≤ t²/2. అందువల్ల y-అంశం పరిమాణం |t|/2 దాటదు. ఇదే అసమీకరణాన్ని 0 నుంచి t వరకు సమాకలనం చేస్తే, ధన t కు, t − sin t ≤ t³/6 వస్తుంది. t తో భాగిస్తే 1 − (sin t)/t ≤ t²/6. ఇందులో రెండు వైపులా సరి ప్రమేయాలే కనుక రుణ t కూ ఇది నిజం.

ఇప్పుడు ε = 0.1 అనుకుందాం. ఒక్కో అంశానికీ 0.05 కేటాయిద్దాం. x-అంశానికి t²/6 < 0.05 కావాలి, అంటే |t| < √0.3, సుమారు 0.548. y-అంశానికి |t|/2 < 0.05, అంటే |t| < 0.1. చిన్నది 0.1, అదే మన δ. x-అంశం ఎంతో సావకాశంగా ఉంది, y-అంశమే పగ్గం పట్టుకుంది. t = 0.1 దగ్గర అసలు విలువలు చూస్తే x = 0.99833, y = 0.04996; (1, 0) నుంచి దూరం 0.04999. అనుమతించిన దూరంలో సగమే వాడాం. t = 0.2 దగ్గర x = 0.99335, y = 0.09967, దూరం 0.0999. అంటే δ = 0.2 తీసుకున్నా ఇక్కడ పని జరిగిపోయేది. ε ను చెరిసగం పంచడం సులువైన పద్ధతే కానీ పొదుపైనది కాదు. ఎక్కువ వాటా నెమ్మదిగా నడిచే అంశానికి ఇస్తే δ పెద్దదవుతుంది. అవధి ఉందని చెప్పడానికి ఈ పొదుపు అవసరం లేదు. గణనలో దోషం ఎంత లోపు ఉంటుందో చెప్పాల్సి వస్తే మాత్రం ఇదే అసలు ప్రశ్న అవుతుంది.

రెండు అంశాలూ వేర్వేరు వేగాలతో తమ అవధులను చేరడం వక్రం ఆకారాన్నీ నిర్ణయిస్తుంది. t చిన్నదైనప్పుడు x ≈ 1 − t²/6, y ≈ t/2. వీటి నుంచి t ను తొలగిస్తే x ≈ 1 − (2/3)y². అంటే రంధ్రం పరిసరాల్లో వక్రం దాదాపు ఒక పరావలయం, ఎడమవైపుకు తెరుచుకున్నది. t ధనంవైపు నుంచి సున్నాకు వస్తే వక్రం పైనుంచి (1, 0) ను చేరుతుంది, రుణంవైపు నుంచి వస్తే కిందినుంచి చేరుతుంది. రెండు దారులూ ఒకే బిందువుకు వస్తున్నాయి కాబట్టి ఎడమ అవధి, కుడి అవధి సమానం. r(0) = (1, 0) అని నిర్వచించేస్తే రంధ్రం పూడుతుంది, ప్రమేయం t = 0 దగ్గర కూడా అవిచ్ఛిన్నమవుతుంది. అంతేకాదు, ( r(t) − (1, 0) )/t అనే సదిశకు మళ్లీ అంశాలవారీగా అవధి తీస్తే (0, 1/2) వస్తుంది. అది ఆ బిందువు దగ్గర అవకలజం; అక్కడ స్పర్శరేఖ నిట్టనిలువుగా ఉంటుందని చెబుతుంది.

ఈ రెండో అవధిని కంప్యూటర్‌తో సరిచూసుకోవాలనుకుంటే ఒక చిక్కు ఎదురవుతుంది.

```python
import math
t = 1e-8
print((1 - math.cos(t)) / t / t)
print(2 * math.sin(t/2)**2 / t / t)
```

మొదటి వరుస 0.0 అని ముద్రిస్తుంది, రెండోది 0.5 చూపిస్తుంది. రెండు సూత్రాలూ గణితంలో సమానమే. కానీ cos(10⁻⁸) అసలు విలువ 1 కన్నా 5 × 10⁻¹⁷ మాత్రమే తక్కువ. మామూలు 64-బిట్ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల్లో 1 కి దిగువన ఉండే తర్వాతి సంఖ్య దాదాపు 1.1 × 10⁻¹⁶ దూరంలో ఉంటుంది. కాబట్టి కొసైన్ విలువ 1 గానే నమోదై, తీసివేతలో సమాచారమంతా పోతుంది. r(t) అవధిని చూస్తున్నంతసేపూ ఈ తప్పు కనిపించదు, ఎందుకంటే y-అంశం అవధి ఎలాగూ 0. దాన్ని మళ్లీ t తో భాగించినప్పుడే బయటపడుతుంది. x-అంశంలో ఈ ఇబ్బంది లేదు. అంటే గణనలో కూడా అంశాలను విడివిడిగానే పరీక్షించాలి. ఒక అంశం సరైన విలువ ఇస్తోందని రెండోదాన్ని నమ్మకూడదు. t ను 10⁻², 10⁻⁴, 10⁻⁶ అని తగ్గిస్తూ పోయినప్పుడు ఒక విలువ దగ్గర స్థిరపడుతున్న సంఖ్య ఉన్నట్టుండి సున్నాకు దూకిందంటే అది అవధి కాదు, రౌండింగ్ దోషం.

అవధిని అంశాలవారీగా తీసుకోవచ్చు కదా అని ప్రతి సిద్ధాంతాన్నీ అలాగే సదిశలకు ఎత్తి రాయకూడదు. మధ్యమ మూల్య సిద్ధాంతం దీనికి మంచి ఉదాహరణ. r(t) అనేది u(s) = (cos s, sin s) అనే యూనిట్ సదిశల సగటు. అదిశా ప్రమేయమైతే, అవిచ్ఛిన్న ప్రమేయపు సగటు విలువను ఆ ప్రమేయం ఎక్కడో ఒకచోట తప్పక తీసుకుంటుంది. ఇక్కడ r(2π) = (0, 0), కానీ u(s) పరిమాణం ఎప్పుడూ 1; అది ఏ s దగ్గరా సున్నా కాదు. అంశాలను విడిగా చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది. (sin t)/t = cos c₁ అయ్యే c₁ ఒకటి 0, t ల మధ్య ఉంది. (1 − cos t)/t = sin c₂ అయ్యే c₂ కూడా ఉంది. కానీ అవి రెండూ వేర్వేరు. t చిన్నదైనప్పుడు c₁ సుమారు t/√3, c₂ సుమారు t/2. రెండు అంశాలకూ పనికొచ్చే ఒకే c లేదు.

δ విషయంలోనూ ఇదే పరిస్థితి, ప్రతి అంశానికీ తన δ ఉంది. అయితే అక్కడ రెంటిలో చిన్నదాన్ని తీసుకుంటే ఇద్దరికీ సరిపోయింది. c తో అలా కుదరదు, ఎందుకంటే c₁ కన్నా చిన్న విలువేదీ c₁ పని చేయదు. అవధి నిర్వచనంలో "ఇంతకన్నా చిన్నదైతే చాలు" అన్న వెసులుబాటు ఉంది. మధ్యమ మూల్య సిద్ధాంతంలో ఫలానా ఒక బిందువే కావాలి. అంశాలవారీ పద్ధతి మొదటిదానికి పనిచేసి రెండోదానికి చేయకపోవడానికి కారణం ఇదే. t → 0 అయితే c₁, c₂ రెండూ 0, t ల మధ్య నలిగి సున్నాకే చేరతాయి కాబట్టి అవధికి వచ్చిన నష్టమేమీ లేదు.

ఇప్పుడు t ను అటువైపు, అనంతానికి పంపుదాం. తీగ వృత్తం చుట్టూ మళ్లీ మళ్లీ చుట్టుకుంటోంది. |x| ≤ 1/t, |y| ≤ 2/t. రెండు అంశాలూ శాండ్‌విచ్ సూత్రం ప్రకారం 0 కు పోతాయి, అవధి (0, 0). పరిమాణాన్ని నేరుగా లెక్కగడితే |r(t)| = 2|sin(t/2)|/t, అది 2/t దాటదు; అంశాల మొత్తం తీసుకుంటే హద్దు 3/t వస్తుంది. జవాబు ఒకటే, హద్దు మాత్రం కొంచెం వదులు. దూరం 0.01 లోపు ఉండాలంటే t ఎంత దాటాలని అడిగితే మొదటి దారి 200 అంటుంది, రెండోది 300 అంటుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది సరిగ్గా ఈ చోటే. సదిశను x, y అంశాలుగా కాకుండా పరిమాణం, కోణం అన్న జతగా చూస్తే ఏమవుతుంది? (sin t, 1 − cos t) = 2 sin(t/2) · (cos(t/2), sin(t/2)) కాబట్టి, ధ్రువ నిరూపకాల్లో మన వక్రం ఎంతో అందంగా కనిపిస్తుంది: θ = t/2, వ్యాసార్థం (sin θ)/θ. t → ∞ అయితే వ్యాసార్థం సున్నాకు పోతుంది. θ మాత్రం ఏ విలువ దగ్గరా ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. "రెండో అంశానికి అవధి లేదు కాబట్టి సదిశకూ లేదు" అని రాస్తే తప్పు. అవధి ఉంది, అది మూలబిందువు. కోణం అనేది ఈ సిద్ధాంతం చెప్పే అర్థంలో అంశమే కాదు. కదలని అక్షాల మీద కొలిచిన నిరూపకాలకే పై అసమీకరణం వర్తిస్తుంది. మూలబిందువు దగ్గర కోణం ఎంత తిరిగినా బిందువు దాదాపు కదలదు. కోణంలో వచ్చిన మార్పుకూ దూరంలో వచ్చిన మార్పుకూ మధ్య అక్కడ సంబంధం తెగిపోతుంది.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. పరిమాణానికి అవధి ఉందని చూసి సదిశకూ అవధి ఉందనుకోవడం. u(t) = (cos t, sin t) పరిమాణం ఎల్లప్పుడూ 1, దాని అవధి 1. కానీ t → ∞ అయితే u(t) వృత్తం మీద తిరుగుతూనే ఉంటుంది, దానికి అవధి లేదు. సదిశకు అవధి ఉంటే పరిమాణానికి తప్పక ఉంటుంది, తిరగేస్తే నిలవదు. ఒకే ఒక్క మినహాయింపు సున్నా. పరిమాణం 0 కు పోతే సదిశ కూడా సున్నా సదిశకు పోయి తీరుతుంది, ఎందుకంటే అప్పుడు |r(t) − 0| అన్నా పరిమాణం అన్నా ఒకటే.

t = 2π దగ్గర ఇంకో రకం చిక్కు ఉంది. అక్కడ r(2π) = (0, 0), ప్రమేయం అవిచ్ఛిన్నం, అవధికి ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు మూలబిందువు నుంచి కేంద్రాభాసం ఏ దిశలో ఉందో చెప్పే యూనిట్ సదిశ, r(t)/|r(t)|, తీసుకుందాం. t విలువ 2π కన్నా కొంచెం తక్కువైతే sin(t/2) ధనం, దిశ (cos(t/2), sin(t/2)). అది (−1, 0) కు చేరుతుంది. 2π దాటగానే sin(t/2) గుర్తు మారుతుంది, దిశకూ గుర్తు మారి (1, 0) కు చేరుతుంది. y-అంశానికి రెండు వైపులా అవధి 0, దానితో పేచీ లేదు. x-అంశానికి ఒకవైపు −1, ఇంకోవైపు 1. ఒక్క అంశం తప్పినా సదిశకు అవధి లేనట్టే. మిగతా అంశాలు ఎంత బుద్ధిగా ఉన్నా లాభం లేదు. పరీక్షలో y-అంశంతో మొదలుపెట్టి, అది కుదిరిందని x-అంశాన్ని ఒకే వైపునుంచి చూసి ముగించేస్తే ఈ సంగతి దొరకదు. హారంలో |r(t)| లాంటి పరిమాణం ఉండి, అది సున్నా అవుతున్న చోటల్లా ఎడమ, కుడి అవధులు విడిగా చూడటం తప్పనిసరి.

దీన్ని బట్టి ఆ చోట వక్రం విరిగిందనుకోకూడదు. r(t) = (1/t)∫u ds కాబట్టి అవకలనం చేస్తే

r′(t) = ( u(t) − r(t) ) / t

అంటే కేంద్రాభాసం ఎప్పుడూ తీగ చివరి కొస వైపుకే కదులుతుంది, t పెరిగేకొద్దీ నెమ్మదిస్తూ. t = 2π దగ్గర u = (1, 0), r = (0, 0) కనుక r′(2π) = (1/(2π), 0). వక్రం ఎడమనుంచి కుడికి, x-అక్షాన్ని తాకుతూ, ఏ కుదుపూ లేకుండా మూలబిందువును దాటుతుంది. దాటకముందు బిందువు మూలానికి ఎడమన ఉంది, దాటాక కుడిన ఉంది. అందుకే మూలం నుంచి చూసిన దిశ ఒక్కసారిగా తిరగబడింది. నడిచే దిశ మాత్రం మారలేదు. 4π, 6π దగ్గర కూడా ఇలాగే జరుగుతుంది, కాబట్టి సమతలంలో మూలబిందువు ఒకటే అయినా పరామితి దాన్ని అనేకసార్లు తాకుతుంది. "మూలబిందువు దగ్గర అవధి ఎంత?" అన్న ప్రశ్నకు అర్థం లేదు, t దేనికి పోతోందో చెప్పినప్పుడే ప్రశ్న పూర్తవుతుంది.

ఇదే సూత్రం t → ∞ దగ్గర కూడా చదవవచ్చు. అక్కడ r(t) సున్నాకు పోతోంది కాబట్టి u(t) − r(t) క్రమంగా u(t) తో సమానమవుతుంది. నడిచే దిశను చూపే యూనిట్ సదిశ u(t) వెంటే వృత్తం చుట్టూ తిరుగుతుంది. దాని రెండు అంశాల్లో ఏ ఒక్కదానికీ అవధి లేదు. ఇక r′(t) అవధి చూస్తే, హారంలోని t వల్ల రెండు అంశాలూ 0 కు పోతాయి. బిందువుకు అవధి ఉంది, వేగ సదిశకూ ఉంది. ఆ వేగాన్ని దాని పరిమాణంతో భాగించగా వచ్చిన దిశకే లేదు.